ఫస్ట్ టైమ్ ఒంటరిగా టూరా? ఎల్లారెడ్డి అమ్మాయిలకు మెదక్‌తో రిహార్సల్.. ఓరుగల్లుతో అసలు ట్రిప్!

డిగ్రీ అయిపోయింది. లేదంటే ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది. ఫ్రెండ్స్‌తో వేసుకున్న ప్లాన్ ఎప్పటిలాగే వాట్సాప్ గ్రూపులోనే ఆగిపోయింది. "సరే, నేనొక్కదాన్నే వెళ్లొస్తా" అని ఇంట్లో అనగానే అమ్మ నోట వచ్చే మొదటి మాట ఇదే: "ఒక్కదానివే ఎట్ల పోతవ్ బిడ్డా? ఏమన్నా అయితే ఎవరున్నరు?"

ఆ ప్రశ్నలో తప్పేం లేదు. దానికి "ఏం కాదులే అమ్మా" అన్నది మాత్రం జవాబు కాదు. ఏ బస్సు ఎక్కుతాం, ఎన్నింటికి దిగుతాం, ఏ రూమ్‌లో ఉంటాం, బస్సు మిస్సయితే తర్వాతిది ఎప్పుడు.. ఇవన్నీ కాగితం మీద రాసి చూపించడమే జవాబు. కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డి నుంచి బయల్దేరే అమ్మాయికి ఆ కాగితం ఎలా ఉంటుందో చూద్దాం.

ప్లేస్ కాదు.. చేరే టైమ్ చూడండి

సోలో ట్రిప్ అనగానే గోవా, మనాలి రీల్స్ కళ్ల ముందు తిరుగుతాయి. కానీ మొదటిసారి వెళ్తున్నప్పుడు ఊరి అందం కంటే ముందు చూడాల్సింది ఒకటుంది. ఆ ఊళ్లో మీరు ఎన్ని గంటలకు దిగుతారు? వెలుతురు ఉండగా దిగితే ఏ ఊరైనా సగం తెలిసిన ఊరే. షాపులు తెరిచి ఉంటాయి, బస్టాండులో ఆడవాళ్లు కనిపిస్తారు, రూమ్ నచ్చకపోతే ఇంకోటి వెతుక్కునే టైమ్ ఉంటుంది. అదే ఊళ్లో రాత్రి పదకొండింటికి దిగితే ఇవేవీ ఉండవు. అప్పుడు ఆటోవాలా ఎంత చెబితే అంత, లాడ్జి వాళ్లు ఏ గది చూపిస్తే ఆ గది.

ఎల్లారెడ్డి వాళ్లకు ఈ లెక్కలో ఇంకో ముడి ఉంది. మనకు రైల్వే స్టేషన్ లేదు. ఎక్కడికి వెళ్లినా కామారెడ్డికో మెదక్‌కో బస్సులో వెళ్లి, అక్కడి నుంచి మారాలి. తిరిగొచ్చేటప్పుడు ఈ చివరి ముక్కే ఇబ్బంది పెడుతుంది. హైదరాబాద్ నుంచి కామారెడ్డి దాకా రాత్రి కూడా ఏదో ఒక బస్సు దొరుకుతుంది. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి మాత్రం ఆలస్యమైతే బస్టాండులోనే ఇరుక్కుంటారు. అందుకే ప్లాన్ ఎప్పుడూ వెనక నుంచి వేసుకోవాలి. "సాయంత్రం ఆరుకల్లా ఎల్లారెడ్డిలో ఉండాలి" అని మొదలుపెట్టి, అక్కణ్నుంచి ఒక్కో గంట వెనక్కి లెక్కపెట్టండి. కామారెడ్డి బస్టాండు ఎంక్వైరీలో ఎల్లారెడ్డికి ఆఖరి బస్సు టైమ్ అడిగి, బయల్దేరే ముందే ఫోన్లో రాసిపెట్టుకోండి.

ముందు ఒక్కరోజు రిహార్సల్: మెదక్

తిన్నగా రెండు రాత్రుల ట్రిప్‌కు వెళ్లకండి. ముందు ఒక పగలు ఒంటరిగా గడిపి చూడండి. దానికి మెదక్‌ను మించిన ఊరు మనకు లేదు. ఎల్లారెడ్డి నుంచి బస్సెక్కితే గంట అటూ ఇటుగా చేరిపోతారు. ఒకవేళ ఏదైనా తేడా వచ్చినా ఇంటి నుంచి ఎవరో ఒకరు బండేసుకుని రాగలిగేంత దగ్గర.

మెదక్ చర్చిని చిన్నప్పుడు స్కూల్ టూర్‌లోనో, చుట్టాలతోనో చూసే ఉంటారు. ఈసారి తీరిగ్గా చూడండి. చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో పదేళ్లు కట్టిన ఈ చర్చిని 1924 డిసెంబర్ 25న ప్రారంభించారు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. లోపల రంగు అద్దాల కిటికీల మీద క్రీస్తు జీవిత ఘట్టాలు ఉంటాయి. ఆ బొమ్మలు బయటి నుంచి సూర్యుడి వెలుగు పడితేనే కనిపిస్తాయి, చీకటి పడితే కనిపించవు. పగలే వెళ్లి పగలే రావడానికి ఇంతకంటే మంచి సాకు ఏం కావాలి? ఆదివారం ఉదయం ప్రార్థనలు ఉంటాయి కాబట్టి మామూలు రోజు వెళ్తే కూర్చోవడానికి, చూడటానికి వీలుగా ఉంటుంది.

అసలు ఈ రిహార్సల్ చర్చి కోసం కాదు. మూడు చిన్న పనులు ఒంటరిగా చేసి చూడటం కోసం. ఒకటి, హోటల్లో ఒక్కరే కూర్చుని భోజనం చేయడం. నవ్వుకోకండి, చాలామంది అమ్మాయిలకు కష్టంగా అనిపించేది ఇదే. చేతులు ఎక్కడ పెట్టాలో, ఎటు చూడాలో తెలీదు. దాంతో బిస్కెట్ ప్యాకెట్‌తో రోజు గడిపేసి, సాయంత్రానికి తలనొప్పితో ఇంటికొస్తారు. గోడవైపు టేబుల్ చూసుకుని, గుమ్మం కనిపించేలా కూర్చుని, ప్లేట్ మీల్స్ చెప్పండి. రెండోసారికి అలవాటైపోతుంది.

రెండోది బాత్రూమ్. బయట టాయిలెట్ దొరకదేమోనని నీళ్లు తాగకుండా ప్రయాణం చేయడం మన ఆడవాళ్లకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటే. ఒక్క పూటకైతే చెల్లుతుంది. మూడు రోజుల ట్రిప్‌లో యూరిన్ ఇన్ఫెక్షన్ తెచ్చిపెడుతుంది. ఎక్కడ బస్సు మారినా, అవసరం ఉన్నా లేకున్నా ఒకసారి వెళ్లి రావడం అలవాటు చేసుకోండి. చిల్లర, టిష్యూలు బ్యాగ్ బయటి జేబులో ఉండాలి.

మూడోది, "ఒక్కదానివే వచ్చినవా?" అన్న ప్రశ్నకు జవాబు. బస్సులో పక్క సీటు పెద్దమ్మ అడిగితే అది ఆపేక్షే, కబుర్లు చెప్పుకోవచ్చు. తెలియని మగవాళ్లు అడిగితే మాత్రం "మా అన్నయ్య బస్టాండుకొస్తున్నడు" అని ఒక్క ముక్కలో తేల్చేసి ఫోన్ చెవికి పెట్టుకోండి. ఇది అబద్ధమే, కానీ ఇక్కడ చెల్లే అబద్ధం. మెదక్‌లో ఒకటి రెండుసార్లు అంటే గొంతు వణకడం పోతుంది.

అసలు ట్రిప్: హనుమకొండ, రామప్ప.. రెండు రాత్రులు

రిహార్సల్ బాగా జరిగితే తర్వాతి అడుగు ఓరుగల్లు. ఎందుకు అదే? భాష మనదే, తిండి మనదే. యూనివర్సిటీ, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు ఉన్న ఊరు కావడంతో ఒంటరిగా తిరిగే అమ్మాయిలు అక్కడ కొత్తేమీ కాదు. ఎవరూ తల తిప్పి చూడరు. పైగా ఊరంతా తెలంగాణలోనే కాబట్టి మన జీరో టికెట్ చెల్లుతుంది.

జీరో టికెట్ గురించి ఒక మాట. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు ప్రయాణం ఉచితం. సంగతి అందరికీ తెలిసిందే. కానీ కొత్త రూట్‌లో వెళ్లేటప్పుడు గొడవ వచ్చేది కార్డు దగ్గరే. ఫొటో, తెలంగాణ అడ్రస్ స్పష్టంగా ఉన్న ఒరిజినల్ కార్డు ఉండాలి. జిరాక్స్, ఫోన్లో ఫొటో చూపిస్తే ఒప్పుకోరు. పాన్ కార్డు మీద అడ్రస్ ఉండదు కాబట్టి అదీ పనికిరాదు. ఫ్రీయే కదా అని టికెట్ తీసుకోకుండా కూర్చుంటే చెకింగ్‌లో జరిమానా పడుతుంది. జీరో టికెట్ చేతిలో ఉండాల్సిందే.

ఇప్పుడు రూట్. మ్యాప్ తెరిస్తే ఎల్లారెడ్డి నుంచి మెదక్, రామాయంపేట, సిద్దిపేట, హుస్నాబాద్ మీదుగా హనుమకొండకు దగ్గరి దారి కనిపిస్తుంది. కిలోమీటర్లు చూస్తే అదే కరెక్ట్. కానీ మొదటిసారికి మేం చెప్పేది చుట్టుదారే: కామారెడ్డి, సికింద్రాబాద్ జేబీఎస్, ఉప్పల్, హనుమకొండ. కారణం సింపుల్. దగ్గరి దారిలో రెండు మూడు చోట్ల బస్సు మారాలి, ఒకటి తప్పితే తర్వాతిది ఎప్పుడొస్తుందో చెప్పలేం. చుట్టుదారిలో కామారెడ్డి నుంచి జేబీఎస్‌కు, ఉప్పల్ నుంచి హనుమకొండకు బస్సులు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఒకటి పోయినా కంగారుండదు. ఒంటరిగా ఉన్నప్పుడు రెండు గంటలు ఎక్కువ ప్రయాణం చేయడం కంటే, తెలియని బస్టాండులో రెండు గంటలు ఎదురుచూడటమే ఎక్కువ అలసట. దగ్గరి దారిని రెండోసారికి దాచుకోండి.

ఒక పగలు ఎలా సాగుతుందో గంటల్లో చూద్దాం. ఇవి సుమారు టైమ్‌లు, బస్సును బట్టి అటూ ఇటూ అవుతాయి. పొద్దున ఆరున్నరకు ఎల్లారెడ్డిలో ఎక్కితే ఎనిమిదిలోపు కామారెడ్డి. అక్కడ టిఫిన్ చేసి బస్సెక్కితే పదకొండున్నర లోపు జేబీఎస్. అక్కణ్నుంచి బయటికొచ్చి ఆటో కోసం బేరాలు ఆడొద్దు. పక్కనే జేబీఎస్ పరేడ్ గ్రౌండ్ మెట్రో స్టేషన్ ఉంది. దాన్ని ఆనుకుని ఉన్న పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌లో నాగోల్ వైపు వెళ్లే బ్లూ లైన్ రైలెక్కితే ఉప్పల్‌లో దిగొచ్చు. మెట్రోలో ఆడవాళ్లకు వేరే చోటు ఉంటుంది, ఎండ ఉండదు, దారి తప్పే పని లేదు. ఉప్పల్ నుంచి వరంగల్ వైపు బస్సు మూడు, మూడున్నర గంటలు. అంటే సాయంత్రం నాలుగు, నాలుగున్నరకు హనుమకొండ. ఇంకా ఎండ ఉంటుంది. కావాల్సింది అదే.

ఇక్కడ ఒక ఖర్చు మాత్రం పెట్టండి. ఉప్పల్ దగ్గర ఎక్స్‌ప్రెస్ బస్సు తరచూ నిండి వస్తుంది. ఫ్రీ అని మూడు గంటలు నిలబడితే, దిగేసరికి ఊరు చూసే ఓపిక పోతుంది. అలసిపోయిన మనిషి తొందరగా తప్పుడు నిర్ణయాలు తీసుకుంటుంది కూడా. ఆ ఒక్క ముక్కకు టికెట్ కొనుక్కుని సూపర్ లగ్జరీలో సీట్ బుక్ చేసుకోండి. మిగతావన్నీ జీరో టికెట్ మీదే నడిపించేయొచ్చు. రైలు ఇష్టమైతే సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు పగటి ఎక్స్‌ప్రెస్‌లు ఉన్నాయి. కాజీపేటలో దిగితే హనుమకొండ పక్కనే.

రూమ్.. అసలు పరీక్ష ఇక్కడే

చాలామంది అమ్మాయిల మొదటి ట్రిప్ చెడేది రోడ్డు మీద కాదు, రిసెప్షన్ కౌంటర్ దగ్గర. "ఒక్కరేనా మేడమ్? సింగిల్ లేడీస్‌కి ఇవ్వం" అంటారు. పద్దెనిమిదేళ్లు నిండిన అమ్మాయి ఒంటరిగా హోటల్లో ఉండకూడదనే చట్టం ఏదీ లేదు. అది ఆ లాడ్జి సొంత రూల్. కానీ సాయంత్రం పూట బ్యాగ్ భుజాన వేసుకుని చట్టం గురించి వాదించి లాభం లేదు. ఇంట్లో ఉండగానే తేల్చుకోవాలి.

ఆన్‌లైన్‌లో బుక్ చేసినా సరే, హోటల్‌కు నేరుగా ఫోన్ చేయండి. "నేనొక్కదాన్నే వస్తున్నా, రెండు రాత్రులు. ఇస్తారు కదా?" అని మొదటి ప్రశ్నే అది అడగండి. అవతలివాళ్లు తడబడితే అక్కడితో ఆపేసి ఇంకో హోటల్ చూసుకోండి. సరే అంటే తర్వాత అడగాల్సినవి మూడే. రాత్రంతా రిసెప్షన్‌లో మనిషి ఉంటారా? రూమ్ మొదటి, రెండో అంతస్తుల్లో ఇస్తారా? చెకిన్ మధ్యాహ్నం పన్నెండు లెక్కా, 24 గంటల లెక్కా? గ్రౌండ్ ఫ్లోర్ ఎందుకు వద్దంటే కిటికీ తెరవలేం. మరీ పైన చివరి గది ఎందుకు వద్దంటే కారిడార్‌లో మనుషుల అలికిడి ఉండదు. లిఫ్ట్‌కో మెట్లకో దగ్గరగా ఉన్న గది కాస్త చప్పుడుగా ఉన్నా మేలే.

హనుమకొండలో తెలంగాణ టూరిజం వాళ్ల హరిత కాకతీయ హోటల్ నక్కలగుట్టలో ఉంది. ప్రభుత్వ సంస్థ నడిపేది కావడంతో ఇంట్లో పెద్దవాళ్లకు పేరు చెప్పగానే కాస్త నెమ్మది కలుగుతుంది. అక్కడైనా, ప్రైవేట్ హోటల్ అయినా ఆ ఫోన్ మాత్రం చేయాల్సిందే. ఈమధ్య వచ్చిన రివ్యూల్లో ఆడవాళ్లు రాసినవి వెతికి చదవండి. "రూమ్ బాగుంది" అన్న మాటతో మనకు పని లేదు. "రాత్రి తలుపు కొట్టారు", "బోల్ట్ సరిగా పడలేదు" లాంటివి ఉన్నాయేమో చూడండి.

గదిలోకి వెళ్లాక బ్యాగ్ విప్పకముందే ఐదు నిమిషాలు కేటాయించండి. లోపలి గడియ పూర్తిగా పడుతోందా? కిటికీ, బాల్కనీ తలుపు లోపలి నుంచి బిగుస్తున్నాయా? బాత్రూమ్ వెంటిలేటర్ బయట నడిచే దారిలోకి ఉందా? పక్క గదిలోకి తలుపు ఉంటే అది అవతల కూడా మూసి ఉందా? ఏది తేడాగా ఉన్నా అప్పుడే కిందికి వెళ్లి గది మార్చమనండి. బట్టలు సర్దుకున్నాక అడగడానికి మనకే బద్ధకం, మొహమాటం. తలుపు కింద పెట్టే రబ్బరు ఆపు ఒకటి కొని బ్యాగ్‌లో వేసుకోండి. చిన్న వస్తువే, కానీ రాత్రి నిద్ర పట్టడానికి అదే పెద్ద ధైర్యం.

కౌంటర్ దగ్గర రూమ్ నంబర్ గట్టిగా చెబితే, "ఇంకో గది ఇవ్వండి" అనడంలో తప్పు లేదు. ఆధార్ జిరాక్స్ అడిగితే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. ఒరిజినల్ కార్డును మాత్రం వదిలి రావద్దు. అది పోతే తిరుగు ప్రయాణంలో జీరో టికెట్ కూడా పోయినట్టే.

రెండు రోజులు ఎలా గడపాలి?

మొదటి సాయంత్రం దూరం పోవద్దు. ముఖం కడుక్కుని వేయిస్తంభాల గుడికి వెళ్లండి. బస్టాండు నుంచి ఆటోలో పది నిమిషాల లోపే. రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి ఇది. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ గర్భగుడులు ఉంటాయి. ఎదురుగా ఉన్న కళ్యాణ మండపాన్ని ఒక్కో రాయీ విప్పదీసి, ఏళ్లపాటు పనిచేసి మళ్లీ నిలబెట్టారు. 2024 శివరాత్రికి మళ్లీ తెరిచారు. గుడి కాబట్టి ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఒంటరిగా గంటసేపు ఊరికే కూర్చున్నా ఎవరూ ఏమీ అనని చోటు. కొత్త ఊళ్లో మొదటి సాయంత్రానికి ఇంతకంటే ఏం కావాలి! ఎనిమిదిన్నరకల్లా తినేసి గదికి చేరిపోండి.

రెండో రోజు రామప్ప. పొద్దున ఏడింటికల్లా హనుమకొండ బస్టాండులో ఉండాలి. ములుగు వైపు వెళ్లే బస్సెక్కి ములుగులో దిగి, అక్కడి నుంచి పాలంపేటకు బస్సు గానీ ఆటో గానీ చూసుకోవాలి. ఈ చివరి ముక్కలోనే జాగ్రత్త కావాలి. షేర్ ఆటో అయితే ఆడవాళ్లు ఉన్నదే ఎక్కండి. ఆటో మాట్లాడుకుంటే రానూపోనూ, అక్కడ రెండు గంటలు ఆగడానికి కలిపి రేటు ముందే తేల్చుకోండి. ఎక్కేముందు నంబర్ ప్లేట్ ఫొటో తీసి ఇంటికి పంపండి, అది డ్రైవర్‌కు కనిపించేలాగే తీయండి.

కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ గుడికి 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. పునాదిలో ఇసుక నింపారు. పై గోపురానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. చూరు కింద నల్లరాతి మదనికలు అద్దంలా మెరుస్తుంటాయి. అక్కడ గైడ్ చెబుతుంటే పెద్ద గుంపుతో కలిసి వినండి, ఒక్కరికే గైడ్‌ను మాట్లాడుకుని గుడి వెనక్కో చెరువు వైపో వెళ్లాల్సిన పని లేదు. పదకొండున్నరకు బయల్దేరితే రెండింటికి హనుమకొండ వచ్చేస్తారు.

ఇక్కడే ఒక ఆశ పుడుతుంది. ఇంత దూరం వచ్చాం కదా, అదే వైపు ఉన్న లక్నవరం కూడా చూసేద్దాం అనిపిస్తుంది. వేలాడే వంతెన రీల్స్ చూసే ఉంటారు. ఒంటరిగా, బస్సుల మీద ఆధారపడి వెళ్లినప్పుడు ఈ ట్రిప్‌లో అది వద్దు. లక్నవరం కలిపితే తిరుగు బస్సు అందేసరికి చీకటి పడుతుంది, అడవి దారిలో రోడ్డు పక్కన నిలబడాల్సి వస్తుంది. దాని బదులు భోజనం చేసి గంట పడుకుని, నాలుగింటికి వరంగల్ కోటకు వెళ్లండి. తెలంగాణ రాజముద్రలో ఉన్న కాకతీయ తోరణం అక్కడిదే, నాలుగు దిక్కులా నాలుగు ఉంటాయి. పదమూడో శతాబ్దంలో రుద్రమదేవి ఇక్కడి నుంచే రాజ్యం ఏలింది. కోట లోపలే ఇళ్లు, పొలాలు ఉన్నా సందులు నిర్మానుష్యంగా ఉంటాయి. తోరణాల ఆవరణ దాటి ఒంటరిగా ప్రాకారాల వెంట పోవద్దు, పొద్దు గుంకేలోపు బయటపడండి.

మూడో రోజు ఇంకేమీ పెట్టుకోవద్దు. ఉదయం ఎనిమిదికి హనుమకొండలో ఎక్కితే పదకొండున్నరకు ఉప్పల్, ఒంటిగంట లోపు జేబీఎస్, నాలుగింటికి కామారెడ్డి, ఐదున్నరకు ఎల్లారెడ్డి. అంటే ముందనుకున్న ఆరింటికి ఇంకా అరగంట చేతిలో ఉన్నట్టే. భద్రకాళి గుడి చూడాలనుకుంటే మొదటి సాయంత్రంలోనే కలుపుకోండి.

టైమ్ చూసుకోవాల్సింది ఇంకోటుంది. రెండేళ్లకోసారి మేడారం జాతర జరిగే రోజుల్లో ఈ రూట్‌లో బస్సులు, రూములు ఏవీ దొరకవు. శివరాత్రి, దసరా రోజుల్లోనూ రద్దీయే. మామూలు వారం మధ్యలో వెళ్తే రూమ్ రేటు కూడా దిగుతుంది.

డబ్బు, ఫోన్, ఇంటికి ఇచ్చే మాట

ఒక అంచనా వేసుకుందాం. రూమ్ రోజుకు 1,500 అనుకుంటే రెండు రాత్రులకు 3,000. తిండికి రోజుకు 350 చొప్పున 1,050. సూపర్ లగ్జరీ, మెట్రో, ఆటోలకు 1,200. మొత్తం 5,250. దీనికి తోడు 1,500 నగదు వేరుగా, బ్యాగ్‌లో కాకుండా ఒంటి మీద ఉండాలి. దాన్ని షాపింగ్‌కు ముట్టుకోవద్దు. ఫోన్ పోయినా, యూపీఐ పనిచేయకపోయినా ఆ డబ్బుతో ఇంటికి చేరగలగాలి. అమ్మ, నాన్న నంబర్లు, హోటల్ నంబర్ ఒక చీటీ మీద రాసి ఆ డబ్బుతోనే పెట్టండి. ఫోన్ ఆఫ్ అయ్యాక ఇంటి నంబర్ నోటికి గుర్తున్నవాళ్లు మనలో ఎంతమంది?

ఇంట్లో వాళ్లతో "గంటగంటకూ ఫోన్ చేస్తా" అని మాటివ్వకండి. రామప్ప దగ్గరో బస్సులోనో సిగ్నల్ పోతుంది, ఆ గంట దాటగానే ఇంట్లో అందరికీ గుండె దడ. దాని బదులు ప్రతి దిగే చోటా ఒక మెసేజ్ పెడతానని చెప్పండి. "కామారెడ్డి దిగిన", "ఉప్పల్ ఎక్కిన", "రూమ్‌లో ఉన్న".. చాలు. ఫలానా టైమ్ దాటి రెండు గంటలైనా మెసేజ్ రాకపోతే ముందు హోటల్‌కు ఫోన్ చేయాలి, తర్వాతే కంగారు పడాలి అని కూడా అప్పుడే అనుకోండి. ఈ ఒప్పందం వల్ల అమ్మకూ నెమ్మది, మీకూ నెమ్మది.

ఆటోలోనో క్యాబ్‌లోనో తేడాగా అనిపిస్తే తెలంగాణ పోలీసుల టీ-సేఫ్ ఉంది. 2024 మార్చిలో మొదలైంది. 100కు డయల్ చేసి 8 నొక్కితే చాలు, మీ ప్రయాణాన్ని పోలీసులు గమనిస్తూ ఉంటారు. యాప్ లేకపోయినా మామూలు ఫోన్ నుంచి కూడా పనిచేస్తుంది. నేరుగా ప్రమాదమే అనిపిస్తే 112. రైల్లో అయితే 139.

ఆ తర్వాత ఎటు?

ఓరుగల్లు అయ్యాక రాత్రి రైలు ప్రయాణం నేర్చుకోవచ్చు. దూరప్రాంత మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్ల స్లీపర్‌లో ఆడవాళ్లకు ఆరు బెర్తుల కోటా ఉంటుంది. బుక్ చేసేటప్పుడు జనరల్ బదులు లేడీస్ కోటా ఎంచుకోవాలి. చాలామందికి ఈ సంగతే తెలీదు. ఒంటరిగా వెళ్లే మహిళల కోసం ఆర్‌పీఎఫ్ వాళ్లు 'మేరీ సహేలీ' పేరుతో రైళ్లలో వచ్చి పలకరించి వెళ్తుంటారు.

కామారెడ్డి స్టేషన్ నుంచి అటు నిజామాబాద్ మీదుగా బాసరకు రైలుంది, అది పగటి ట్రిప్‌కు సరిపోతుంది. గోదావరి ఒడ్డున అమ్మవారి గుడి చూసి సాయంత్రానికి వెనక్కి రావచ్చు. ఇటు తిరుపతికి రాయలసీమ ఎక్స్‌ప్రెస్ డైరెక్టుగా ఉంది. ఇంట్లో తేలిగ్గా ఒప్పుకునే పేరు కూడా అదే. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. తిరుమల కొండ మీద ఒంటరిగా వచ్చినవాళ్లకు సాధారణంగా గది ఇవ్వరు. లాకర్ తీసుకుని హాల్లో ఉండాలి, లేదంటే కింద తిరుపతిలో హోటల్ ముందే మాట్లాడుకోవాలి. ఇంకో విషయం, ఆంధ్రప్రదేశ్‌లోనూ 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత బస్సు ఉంది గానీ అది అక్కడి అడ్రస్ ఉన్నవాళ్లకే. మన ఆధార్ చూపిస్తే కండక్టర్ టికెట్ కొడతారు, ఆ డబ్బు కూడా లెక్కలో వేసుకోండి.